బెంజాల్డిహైడ్ + బ్యుటనోన్ + NaOH: CH3 వైపా, CH2 వైపా? కీ తప్పా, నేను తప్పా?

నీలిమ_బీఎస్సీ

అందరికీ నమస్కారం. బీఎస్సీ ఫైనలియర్, పీజీ ఎంట్రన్స్‌కి చదువుతున్నాను. ఒక మోడల్ పేపర్లో ఈ ప్రశ్న వచ్చింది.

PhCHO + CH3COCH2CH3, సజల NaOH, వేడి చేస్తే ప్రధానంగా ఏది వస్తుంది?

```
(ఎ) PhCH=CH-CO-CH2CH3
(బి) PhCH=C(CH3)-CO-CH3
```

నేను (బి) పెట్టాను, కీలో (ఎ) ఉంది. నా లెక్క ఇది: బ్యుటనోన్‌కి రెండు వైపులా ఆల్ఫా హైడ్రోజన్లున్నాయి. CH2 వైపు హైడ్రోజన్ పోతే వచ్చే ఎనొలేట్‌లో డబుల్ బాండ్ మీద గ్రూపులు ఎక్కువ, కాబట్టి స్థిరత్వం ఎక్కువ. పైగా NaOH, వేడి అంటే థర్మోడైనమిక్ కండిషన్సే కదా, LDA కాదు కదా. మరి CH3 వైపు ఎందుకు?

ఇంకో తమాషా ఏంటంటే, అదే పేపర్లో రెండు పేజీల తర్వాత ఇదే ప్రశ్న NaOH బదులు HCl పెట్టి అడిగారు. దానికి కీ (బి). కీ తయారుచేసినవాళ్లు తికమకపడ్డారా?

కెమ్_మాస్టారు_గుంటూరు

అమ్మా నీలిమా, ఇందులో పెద్ద గొడవేమీ లేదు. బెంజాల్డిహైడ్‌కి ఆల్ఫా హైడ్రోజన్ లేదు, కాబట్టి అది ఎనొలేట్ ఇవ్వదు, దాడి చేయించుకుంటుంది. కీటోన్ ఎనొలేట్ ఇస్తుంది. నీరు పోతే ఆల్ఫా-బీటా అసంతృప్త కీటోన్. ఇంటర్ సెకండియర్‌లోనే ఉంది. అసిటోన్‌తో అయితే రెండు వైపులా బెంజాల్డిహైడ్ కలిసి డైబెంజాల్ అసిటోన్ వస్తుంది, పసుప్పచ్చగా ఉంటుంది. ఈథనాల్, ప్రొపనాల్ అనే రెండు ఆల్డిహైడ్లు కలిపితే నాలుగు ఉత్పన్నాలు. ఇవి గుర్తుంచుకుంటే చాలు.

నీలిమ_బీఎస్సీ

సార్, ధన్యవాదాలు. ఎవరు ఎనొలేట్ ఇస్తారన్నది నాకు తెలుసండీ. ఇక్కడ ఉన్నది అసిటోన్ కాదు, బ్యుటనోన్. దానికి రెండు వైపులూ ఒకేలా లేవు. ఏ వైపు అన్నదే నా ప్రశ్న.

ర్యాంకర్77

కీ తప్పు. కళ్లు మూసుకుని (బి) పెట్టొచ్చు. చిన్న రూలు: LDA, మైనస్ 78 అంటే కైనెటిక్, తక్కువ గ్రూపులున్న వైపు. NaOH లేదా ఆల్కాక్సైడ్, వేడి అంటే థర్మోడైనమిక్, ఎక్కువ గ్రూపులున్న వైపు. మా కోచింగ్‌లో ఇదే చెప్పారు, నాకు ఇంతవరకు ఎక్కడా దెబ్బ తగల్లేదు. ఇలాంటి మోడల్ పేపర్ల కీలు నమ్మకు.

ఆర్గానిక్_బాబాయ్

కీ రెండు చోట్లా సరైనదే తల్లీ. బేస్‌లో (ఎ), యాసిడ్‌లో (బి). ఈ జంట ఆల్డాల్ పాఠాల్లో పాత ఉదాహరణ, ఇష్టమొచ్చినట్టు పెట్టిన కీ కాదు.

ర్యాంకర్ తమ్ముడు చెప్పిన రూలు ఎనొలేట్ గురించి నిజమే. కానీ నీలిమను అడిగింది ఏ ఎనొలేట్ ఎక్కువ అని కాదు, చివరికి ఏ ఉత్పన్నం అని. ఆ రెంటి మధ్య ఇంకో రెండు మెట్లున్నాయి. వాటిని దాటేసి నేరుగా జవాబుకి దూకితే (బి) వస్తుంది.

మొదట ఎనొలేట్ ఎంత ఉంటుందో చూడండి. ఇలాంటి మామూలు కీటోన్ల పీకేఏ దాదాపు 19 నుంచి 20. అసిటోన్‌ది 19.3. లీటరుకి ఒక మోల్ NaOH ఉన్న నీటిలో పీహెచ్ 14. తేడా 5.3. అంటే రెండు లక్షల కీటోన్ అణువుల్లో ఏ క్షణంలోనైనా ఎనొలేట్ రూపంలో ఉండేది ఒక్కటి. మిగతావన్నీ కీటోన్‌గానే ఉంటాయి. ఆ ఒక్కటీ అలాగే కూర్చోదు. నీటి నుంచి ప్రోటాన్ లాక్కుని కీటోన్ అయిపోతుంది, ఇంకోటి ఎనొలేట్ అవుతుంది. CH3 వైపు ఒకసారి, CH2 వైపు ఒకసారి.

ఇది నిజంగా జరుగుతుందని ఎలా తెలుసు? బ్యుటనోన్‌ని D2O, NaODతో చాలాసేపు ఉంచండి. ఆల్ఫా స్థానాల్లోని ఐదు హైడ్రోజన్లూ డ్యుటీరియం అయిపోతాయి, CH3 వైపు మూడు, CH2 వైపు రెండు. చివరి CH3 మాత్రం అలాగే ఉంటుంది. అంటే రెండు ఎనొలేట్లూ పుడుతూ, పోతూ ఉన్నాయి. స్థిరమైనదే పుడుతుంది, రెండోది పుట్టదు అనడానికి లేదు.

బస్టాండులో ఏ బస్సులో ఎక్కువమంది కూర్చున్నారన్నది కాదు, ఏ బస్సు ముందు కదిలిందన్నది లెక్క. జనం దిగి ఇంకో బస్సెక్కే వీలున్నంతసేపూ కూర్చున్నవాళ్లను లెక్కపెట్టి లాభం లేదు.

మిగతాది సాయంత్రం రాస్తాను, మనవరాలిని బడి నుంచి తీసుకురావాలి.

ల్యాబ్_కష్టాలు

మాస్టారు డైబెంజాల్ అసిటోన్ అన్నారు కాబట్టి మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ప్రాక్టికల్స్‌లో అదే చేయిస్తున్నారు. అందరికీ పసుపు పొడి వస్తే నాకు మాత్రం జిగురు ముద్ద వచ్చింది. గాజు కడ్డీకి అంటుకుంది, ఫిల్టర్ పేపర్ మీద పోస్తే కాగితమంతా నూనె మరక. మేడమ్ "సరిగ్గా కలపలేదు" అన్నారు. చేతులు పడిపోయేదాకా కలిపాను. మే నెల, ఫ్యాన్ కూడా లేదు. NaOH పాతదా?

వంశీ_స్పెక్ట్రా

@ల్యాబ్_కష్టాలు, అసిటోన్ ఎలా కొలిచారు? బీకరు ముందు అసిటోన్‌తో కడిగారా?

ల్యాబ్_కష్టాలు

అసిటోన్ డ్రాపర్‌తో పోస్తాం అన్నా, సుమారుగా. బీకరు కడిగింది అసిటోన్‌తోనే, తొందరగా ఆరుతుందని. అంత చిన్నదానికి కూడా తేడా వస్తుందా?

వంశీ_స్పెక్ట్రా

వస్తుంది. మామూలుగా వాడే కొలతలివి: బెంజాల్డిహైడ్ 10.6 గ్రాములు, అంటే 0.1 మోల్. అసిటోన్ 2.9 గ్రాములు, అంటే 0.05 మోల్, సుమారు 3.7 మిల్లీలీటర్లు. 10 గ్రాముల NaOH 100 మిల్లీలీటర్ల నీటిలో, దానికి 80 మిల్లీలీటర్ల ఆల్కహాల్. వేడి 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి. మొత్తం అసిటోన్ నాలుగు మిల్లీలీటర్లు కూడా లేనప్పుడు, బీకరు అడుగున మిగిలిన ఒక మిల్లీలీటరు అంటే పాతిక శాతం ఎక్కువన్నమాట.

అసిటోన్ ఎక్కువైతే ఒక్కో అసిటోన్‌కి ఒక్క బెంజాల్డిహైడే దక్కుతుంది, PhCH=CHCOCH3 దగ్గర ఆగిపోతుంది. దాన్ని బెంజాల్ అసిటోన్ అంటారు, అది కరిగేది 39 నుంచి 42 డిగ్రీల దగ్గర. మీరు చేయాలనుకున్న డైబెంజాల్ అసిటోన్ 110, 111 దగ్గర కరుగుతుంది. రెండూ కలిస్తే ఇంకా తక్కువకే మెత్తబడతాయి. మే నెలలో ఫ్యాన్ లేని ల్యాబులో బెంజాల్ అసిటోన్ గట్టిగా ఉండమన్నా ఉండదు. మీరు చూసిన నూనె బహుశా అదే.

ఇంకో అనుమానం బెంజాల్డిహైడ్ సీసా మీద. మూత చుట్టూ తెల్లటి స్ఫటికాలు కనిపించాయా? గాలి తగిలి బెంజోయిక్ ఆమ్లం అయితే అలా పేరుకుంటుంది. అప్పుడు మీరు తూచిన 10.6 గ్రాముల్లో ఆల్డిహైడ్ తక్కువ, అంటే అసిటోన్ మళ్లీ ఎక్కువైనట్టే.

ల్యాబ్_కష్టాలు

స్ఫటికాలు ఉన్నాయన్నా!! మూత తీయడానికే కష్టపడ్డాం.

వంశీ_స్పెక్ట్రా

అయితే రెండూ కలిసొచ్చాయి. ముద్దని నీటితో బాగా కడిగి, NaOH పోయాక ఇథైల్ అసిటేట్‌లో రీక్రిస్టలైజ్ చేసి చూడండి. ఎక్కువ భాగం డైబెంజాలే అయితే పసుపు స్ఫటికాలు దిగుతాయి.

ఆర్గానిక్_బాబాయ్

వచ్చాను. ల్యాబ్ అబ్బాయి కథ మన ప్రశ్నకి కూడా పనికొస్తుంది, చివర్లో చెప్తా.

ఇప్పుడు బ్యుటనోన్ మీదకి. రెండు ఎనొలేట్లూ బెంజాల్డిహైడ్ మీద దాడి చేస్తాయి. రెండు బీటా-హైడ్రాక్సీ కీటోన్లు వస్తాయి.

```
CH3 వైపు:  PhCH(OH)-CH2-CO-CH2CH3
CH2 వైపు:  PhCH(OH)-CH(CH3)-CO-CH3
```

మొదటిదాన్ని తిన్ననిది అందాం, రెండోదాన్ని కొమ్మది అందాం. ఇక్కడ గమనించాల్సింది, ఈ మెట్టు కూడా వెనక్కి పోగలదు. బేస్‌లో ఆ OH మీది ప్రోటాన్ పోతే ఆల్కాక్సైడ్ అవుతుంది. అది C–C బంధం తెంచుకుని మళ్లీ బెంజాల్డిహైడ్, ఎనొలేట్‌గా విడిపోగలదు. కీటోన్ ఆల్డాల్స్ ఈ విషయంలో మరీ బలహీనం.

వెనక్కి రావడం కష్టమయ్యేది నీరు పోయినప్పుడు. బేస్‌లో నీరు ఎలా పోతుంది? కార్బొనిల్ పక్క హైడ్రోజన్ ముందు పోయి, మళ్లీ ఒక ఎనొలేట్ ఏర్పడి, అది లోపలికి నెట్టి OHని బయటికి పంపాలి. OH మంచి లీవింగ్ గ్రూప్ కాదు, ఎస్ఎన్2లో అయితే కదలదు. ఇక్కడ వెనకాల ఎనొలేట్ నెట్టుతోంది కాబట్టి, ముందు బెంజీన్ రింగుతో, కార్బొనిల్‌తో కలిసిన పొడవాటి కాంజుగేషన్ దొరుకుతోంది కాబట్టి పోతుంది.

తిన్ననిదానికి ఇది సులువు. CH2 మీద రెండు హైడ్రోజన్లున్నాయి, అడ్డు లేదు. వచ్చే PhCH=CHCOEt పూర్తిగా చదునుగా పడుకుంటుంది. కొమ్మదానికి అక్కడ ఒకటే హైడ్రోజన్, పక్కన మిథైల్. నీరు పోయినా వచ్చే ఉత్పన్నంలో డబుల్ బాండ్‌కి ఒకే వైపున ఫినైల్, మిథైల్ ఒరుసుకుంటాయి. రింగు కాస్త తిరగాల్సి వస్తుంది, కాంజుగేషన్ కొంత పోతుంది. ఆ ఇబ్బంది నీరు పోయే దారిలోనే మొదలవుతుంది. అందుకని కొమ్మది నీరు వదిలేలోపే వెనక్కి విడిపోతుంది. విడిపోయిన బ్యుటనోన్ మళ్లీ ఎనొలేట్ అయి, ఏదో ఒకసారి తిన్నని దారి పట్టి, నీరు వదిలి, అక్కడ స్థిరపడుతుంది.

ర్యాంకర్77

బాబాయ్ గారూ, కథ బాగుంది. కానీ ఇదంతా జవాబు తెలిశాక వెనక నుంచి అల్లిన వివరణలా ఉంది. కొమ్మది విడిపోతుందని ఎవరైనా చూశారా? నీరు పోయాక ఏ ఉత్పన్నం స్థిరమైనదో అదే వస్తుందని ఒక్క ముక్కలో తేల్చొచ్చు కదా.

ఆర్గానిక్_బాబాయ్

చూశారు తమ్ముడూ. కొమ్మ హైడ్రాక్సీ కీటోన్‌ని విడిగా తయారుచేసి బేస్‌లో వేసి చూసిన పాత పని ఉంది. నీరు పోయి (బి) రావాలి కదా? రాలేదు. బెంజాల్డిహైడ్, బ్యుటనోన్‌గా విడిపోయింది. తిన్ననిదాన్ని అదే బేస్‌లో వేస్తే (ఎ) వచ్చింది. కొమ్మదాన్నే యాసిడ్‌లో వేస్తే మాత్రం నీరు పోయి (బి) వచ్చింది. నేను చెప్పిందంతా ఆ ప్రయోగం మీద నిలబడిందే.

ఇక "స్థిరమైన ఉత్పన్నమే వస్తుంది" అంటే యాసిడ్‌లో కూడా (ఎ) రావాలి. రావడం లేదు. కాబట్టి ఒక్క ముక్కలో తేలదు.

నీలిమ_బీఎస్సీ

బేస్ సంగతి అర్థమైంది బాబాయ్ గారూ. ఎనొలేట్ ఎంత ఉందన్నది కాకుండా, వెనక్కి రాని మెట్టు ఎవరు ముందు దాటారన్నది చూడాలి. మరి యాసిడ్‌లో ఎందుకు మారింది?

ఆర్గానిక్_బాబాయ్

యాసిడ్‌లో దాడి చేసేది ఎనొలేట్ కాదు, ఎనాల్. కార్బొనిల్ ఆక్సిజన్ మీదికి ప్రోటాన్ వస్తుంది, ఆల్ఫా హైడ్రోజన్ పోతుంది. ఎనాల్లో డబుల్ బాండ్ దాదాపు పూర్తిగా ఏర్పడిపోయి ఉంటుంది కాబట్టి గ్రూపులు ఎక్కువున్న CH3C(OH)=CHCH3 రూపానికి మొగ్గు స్పష్టంగా ఉంటుంది. నీ మొదటి లెక్క ఇక్కడ పనిచేస్తుంది.

ఆ తర్వాతి మెట్టు ఇంకా ముఖ్యం. యాసిడ్‌లో OH మీద ప్రోటాన్ ఎక్కి నీరుగా పోతుంది. ఫినైల్ పక్కన ఉన్న కార్బన్ మీద ధనావేశాన్ని రింగు మోయగలదు. కాబట్టి కొమ్మదానికి కూడా నీరు పోవడం కష్టం కాదు, వెనక్కి విడిపోయే తీరిక దానికి దొరకదు. బేస్‌లో దానికి మూసుకుపోయిన తలుపు ఇక్కడ తెరిచి ఉంది. అందుకే పొడి HCl వాయువు పంపితే (బి).

వంశీ_స్పెక్ట్రా

బాబాయ్, ఒక చిన్న అభ్యంతరం. బేస్‌లో ఎంపిక మొత్తం నీరు పోయే మెట్టుకే కట్టబెడుతున్నారు. C–C బంధం ఏర్పడే మెట్టులో కూడా CH3 వైపు ఎనొలేట్‌కి అడ్డు తక్కువ. ఆ మెట్టులోనే తిన్ననిదానికి కొంత మొగ్గు ఉండొచ్చు కదా? మీరు చెప్పిన ప్రయోగం కొమ్మది విడిపోతుందని చూపిస్తుంది. కానీ మొదట అది ఎంత ఏర్పడిందో చెప్పదు.

ఆర్గానిక్_బాబాయ్

న్యాయమైన మాటే. నీరు పోయే మెట్టు ఒక్కటే చాలు ఈ ఫలితం రావడానికి అన్నాను, అదొక్కటే కారణం అనలేదు. దాడి మెట్టులో మొగ్గు ఎంతో ఆ ప్రయోగం నుంచి నేను లాగలేను. బేస్ గాఢత, ద్రావణి మారితే ఏ మెట్టు నెమ్మదన్నది కూడా మారొచ్చు.

వంశీ_స్పెక్ట్రా

నాకు మాత్రం రెండూ కలిసే పనిచేస్తాయనిపిస్తుంది. సరే, అది పక్కన పెడదాం. నీలిమ గారూ, చేతిలో పదార్థం ఉంటే ఏది వచ్చిందో చెప్పడం సులువు. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో (ఎ)కి 2.7 దగ్గర నాలుగు గీతలు, 1.2 దగ్గర మూడు గీతలు, అది ఇథైల్. డబుల్ బాండ్ హైడ్రోజన్లు 7.6, 6.7 దగ్గర రెండు డబ్లెట్లు, ఒక్కో డబ్లెట్‌లో రెండు గీతల మధ్య దూరం 16 హెర్ట్జ్, అంటే ట్రాన్స్. (బి)కి ఇథైల్ ఉండదు. 2.5, 2.1 దగ్గర రెండు మిథైళ్లు విడివిడిగా, 16 హెర్ట్జ్ జంట అసలు కనిపించదు. స్పెక్ట్రం చూసిన ఐదు సెకన్లలో తేలిపోతుంది.

కెమ్_మాస్టారు_గుంటూరు

మా కాలేజీలో ఎన్ఎంఆర్ ఎక్కడుంది బాబూ. అయొడోఫాం పరీక్ష చాలదూ? (బి)లో CH3CO ఉంది, పసుపు అవక్షేపం రావాలి. (ఎ)లో ఇథైల్ కీటోన్, రాకూడదు. డీఎన్‌పీ రెండింటికీ వస్తుంది, దానితో తేలదు.

వంశీ_స్పెక్ట్రా

మంచి ఆలోచన సార్. ఒక్క జాగ్రత్త, మిగిలిపోయిన బ్యుటనోన్ కూడా మిథైల్ కీటోనే. చుక్క మిగిలినా అయొడోఫాం వాసన గుప్పుమంటుంది, (ఎ) వచ్చిన బీకరులో కూడా (బి) వచ్చిందనుకుంటారు. బ్యుటనోన్ 80 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి దాన్ని ముందు పూర్తిగా తోలేసి, స్ఫటికాలు శుద్ధి చేశాకే పరీక్ష చేయాలి.

ఆర్గానిక్_బాబాయ్

ఇంకో చిక్కు. అయొడోఫాం పరీక్ష కూడా NaOHలోనే చేస్తాం. ఆ అసంతృప్త కీటోన్‌కి నీరు చేరి, వెనక్కి విడిపోయి, కొద్దిగా బ్యుటనోన్ వదలదూ? వేడి చేస్తే మరీను.

కెమ్_మాస్టారు_గుంటూరు

చలిలో, తక్కువ సమయంలో చేస్తే అంత విడిపోదని నా నమ్మకం. వచ్చే వారం పిల్లలతో చేయించి చూస్తాను, శుద్ధి చేసిందీ చేయనిదీ పక్కపక్కన.

ర్యాంకర్77

సరే, NaOHలో (ఎ) ఒప్పుకుంటున్నా. మరి LDAతో కూడా CH3 వైపే కదా? అంటే రెండు కండిషన్లలో ఒకటే జవాబు. నా రూలు పనికిరాదన్నమాట?

ఆర్గానిక్_బాబాయ్

వైపు ఒకటే, దారి వేరు, ఆగే చోటు కూడా వేరు. LDA వెనకున్న అమీన్ పీకేఏ 36 దాకా ఉంటుంది, కీటోన్ కన్నా ఎంతో ఎక్కువ. కాబట్టి రెండు లక్షల్లో ఒకటి కాదు, కీటోన్ మొత్తం ఎనొలేట్ అయిపోతుంది. మైనస్ 78 డిగ్రీల టీహెచ్ఎఫ్‌లో అది వెనక్కి రాదు. అడ్డు తక్కువున్న CH3 వైపు ప్రోటాన్ ముందు పోతుంది. ఆ తర్వాత బెంజాల్డిహైడ్ వేసి, చలిలోనే అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో ఆపితే PhCH(OH)CH2COCH2CH3 దగ్గరే ఆగుతుంది, నీరు పోదు. మీ రూలు ఇక్కడ నప్పుతుంది, ఎందుకంటే ఇక్కడ మాత్రమే ఎనొలేట్ దగ్గరే పంపకం ముగిసిపోయింది.

పారిశ్రామిక ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు చేసే పొరపాటొకటి చెప్తాను. LDAలోకి కీటోన్‌ని చుక్కచుక్కగా వేయాలి. తిరగేసి, కీటోన్‌లోకి LDA పోస్తే ఇంకా మారని కీటోన్ పక్కనే ఉంటుంది. అది ఎనొలేట్‌కి ప్రోటాన్ ఇచ్చి పుచ్చుకుంటుంది, రెండు ఎనొలేట్లూ సమతాస్థితికి వచ్చేస్తాయి. కాగితం మీద అదే కండిషన్, ఫ్లాస్కులో వేరే మిశ్రమం. బ్యుటనోన్ లాంటి చిన్న కీటోన్‌కి సరిగ్గా చేసినా నూటికి నూరు ఒకే వైపు రాదు, అదీ గుర్తుండాలి.

నీలిమ_బీఎస్సీ

ఇంకో రెండు అడగొచ్చా? ఒకటి, మాస్టారు చెప్పిన ఈథనాల్, ప్రొపనాల్ జంట. నాలుగని చదివాం, ఒక పేపర్లో ఎనిమిది అని కీ ఉంది. రెండోది, బెంజాల్డిహైడ్‌తో 2-మిథైల్ సైక్లోహెక్సనోన్. అక్కడ ఏ వైపు?

కెమ్_మాస్టారు_గుంటూరు

మొదటిది నేను చెప్తా. నాలుగు: బ్యుట్-2-ఈనాల్, పెంట్-2-ఈనాల్, 2-మిథైల్ బ్యుట్-2-ఈనాల్, 2-మిథైల్ పెంట్-2-ఈనాల్. ఎవరు ఎనొలేట్, ఎవరు దాడికి గురయ్యేది అని రెండు రెళ్లు నాలుగు. ప్రొపనాల్ ఎనొలేట్ అయితే మిథైల్ కొమ్మ వస్తుంది, గుర్తుపట్టడం తేలిక. ప్రతి దానికీ సిస్, ట్రాన్స్ రెండు రూపాలు సాధ్యం కాబట్టి స్టీరియో ఐసోమర్లతో ఎనిమిది. ప్రశ్నలో "స్టీరియో ఐసోమర్లతో కలిపి" అని ఉందో లేదో చూసుకో. వేడి లేకుండా నీరు పోని ఆల్డాల్స్ అడిగితే లెక్క మళ్లీ మారుతుంది: కైరల్ కార్బన్ ఒకటున్నవి రెండు, రెండున్నవి రెండు. రెండు, రెండు, నాలుగు, నాలుగు, మొత్తం పన్నెండు.

ర్యాంకర్77

ఆ పన్నెండు నాకు పరీక్షలో వచ్చింది!! ఎనిమిది పెట్టాను.

ఆర్గానిక్_బాబాయ్

రెండోది నీతోనే చెప్పిస్తాను నీలిమా. 2-మిథైల్ సైక్లోహెక్సనోన్‌లో C2 మీద మిథైల్, ఒక హైడ్రోజన్. C6 మీద రెండు హైడ్రోజన్లు. NaOH, బెంజాల్డిహైడ్. C2 దగ్గర దాడి జరిగిందనుకో. తర్వాత?

నీలిమ_బీఎస్సీ

C2 మీద అప్పుడు మిథైల్, CH(OH)Ph, రింగు కార్బన్, కార్బొనిల్. నాలుగూ నిండిపోయాయి. ఆల్ఫా హైడ్రోజనే లేదు. బేస్‌లో నీరు పోయే దారే లేదు. కాబట్టి విడిపోయి వెనక్కి రావాల్సిందే. C6 వైపు అయితే నీరు పోయి 2-బెంజిలిడీన్-6-మిథైల్ సైక్లోహెక్సనోన్. ఎనొలేట్ స్థిరత్వం C2 వైపు ఎక్కువైనా సరే.

ఆర్గానిక్_బాబాయ్

అదీ. బ్యుటనోన్‌లో ఆ తలుపు ఇరుకు, ఇక్కడ అసలు లేదు.

ఇక ల్యాబ్ అబ్బాయి కథ. (ఎ)లో కార్బొనిల్ అవతలి వైపు ఇంకా CH2 ఉంది. బెంజాల్డిహైడ్ ఎక్కువ పోస్తే, ఇంకో దారి లేక అక్కడ కూడా కలిసే ప్రమాదం ఉంది. PhCH=CHCOC(CH3)=CHPh. కాబట్టి నీకు (ఎ) మాత్రమే కావాలంటే బ్యుటనోన్ ఎక్కువ తీసుకోవాలి, బెంజాల్డిహైడ్‌ని కొంచెం కొంచెంగా చేర్చాలి. బ్యుటనోన్ తనతో తాను కలిసిపోదా అంటే, కీటోన్ మీద కీటోన్ దాడి సమతాస్థితిలో కలిసి రాదు, బెంజాల్డిహైడ్ ఉన్నంతసేపూ ఎనొలేట్ దాన్నే ఎంచుకుంటుంది. అతనికి డైబెంజాల్ కావాలి కాబట్టి అసిటోన్ ఎక్కువైతే చెడింది. నీకు ఒకటే కావాలి కాబట్టి కీటోన్ ఎక్కువుండడమే మంచిది.

ల్యాబ్_కష్టాలు

రీక్రిస్టలైజ్ చేశానన్నా. పసుపు సూదులు వచ్చాయి, కొద్దిగానే. మెల్టింగ్ పాయింట్ 106 నుంచి 109. రికార్డులో ఇది రాయొచ్చా, పుస్తకంలో ఉన్న 110 రాయాలా?

వంశీ_స్పెక్ట్రా

మీకు వచ్చిందే రాయండి. ఇంకోసారి ఇథైల్ అసిటేట్‌లో తీస్తే పెరుగుతుంది, పదార్థం మిగిలితే.

కెమ్_మాస్టారు_గుంటూరు

బాబాయ్ గారూ, అయొడోఫాం విషయం మర్చిపోలేదు. బ్యుటనోన్ సీసా తెప్పించాను. NaOH ఎంత గాఢతలో వాడమంటారు? గాఢత పెంచితే బెంజాల్డిహైడ్ కనిజారోలోకి పోతుందేమోనని నా భయం.

ఆర్గానిక్_బాబాయ్

పది శాతానికి మించకండి, నీటిలో కొంచెం ఆల్కహాల్ కలపండి. లేకపోతే రెండు పొరలుగా నిలబడి కలవవు. కనిజారోకి బాగా చిక్కటి క్షారం కావాలి. పక్కన ఎనొలేట్ ఉన్నప్పుడు ఆల్డాలే ముందు నడుస్తుంది. పరీక్షలో (ఎ)కి కూడా పసుపు వస్తే, ఎంతసేపటికి వచ్చిందో రాసి పెట్టండి. వెంటనే వస్తే బ్యుటనోన్ మిగిలినట్టు, ఆలస్యంగా వస్తే నా అనుమానం నిజమేమో చూడాలి.